‘ఆపండి’కీ ‘ఆపకండి’కీ మధ్య ఒక్క అక్షరం

2021లో అమెరికాలో కొందరు డాక్టర్లు ఒక పరీక్ష జరిపారు. ఎమర్జెన్సీ వార్డు నుంచి ఇంటికి పంపేటప్పుడు రోగులకు తరచూ చెప్పే 20 సూచనలు తీసుకుని, గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో 7 భాషల్లోకి మార్చారు. ఆ భాషలు ఇంట్లో మాట్లాడేవాళ్ల చేతే వాటిని చదివించి, అర్థం నిలిచిందో లేదో చెప్పమన్నారు. స్పానిష్‌లో 94 శాతం నిలిచింది. ఆర్మేనియన్‌లో 55 శాతమే. నొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకోవచ్చన్న మామూలు మాట ఆర్మేనియన్‌లోకి వెళ్లేసరికి, నొప్పికి యాంటీ ట్యాంక్ క్షిపణి వేసుకోవచ్చని తేలింది.

ఈ ఉదాహరణ అప్పట్లో పత్రికలకెక్కింది. కానీ ఇలాంటి తప్పుతో ప్రమాదం తక్కువ. క్షిపణి అని చదివిన రోగి ఎవరైనా ఆగిపోతాడు, పక్కవాళ్లను అడుగుతాడు. చదవడానికి హాయిగా, వ్యాకరణం చక్కగా ఉండి, అర్థం మాత్రం తలకిందులైన వాక్యమే అసలు భయపెట్టేది. ‘ఈ మాత్ర ఆపకండి’ అని డాక్టరు రాస్తే ‘ఈ మాత్ర ఆపండి’ అని చేరిన చీటీని చూసి ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పటి అనువాద యంత్రాలు చేసే తప్పులు ఎక్కువగా ఈ రెండో రకానివే. పాత యంత్రాలు అతుకుల బొంత లాంటి వాక్యాలు ఇచ్చేవి, తేడా చూడగానే తెలిసేది. 2017లో గూగుల్ తెలుగుకు కూడా న్యూరల్ పద్ధతి తెచ్చాక వాక్యాలు నున్నగా వస్తున్నాయి. ఈ యంత్రం వాక్యాన్ని విని అర్థం చేసుకుని చెప్పదు. ఇప్పటిదాకా రాసినదాని తర్వాత ఏ ముక్క రావడానికి అవకాశం ఎక్కువో లెక్కగట్టి ముక్క తర్వాత ముక్క పేరుస్తుంది. నిడివైన వాక్యంలో ‘నాట్’ అనే చిన్న మాట ఆ లెక్కలో బరువు తూగకపోతే జారిపోతుంది. జారిపోయినా మిగిలిన వాక్యం నిండుగానే కనిపిస్తుంది. న్యూరల్ అనువాదంలో వ్యతిరేకార్థం ఎలా చెడుతోందో 2021లో పరిశోధకులు పరిశీలించినప్పుడు, ఆ తప్పుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ‘కాదు’ను అనువదించకుండా వదిలేయడమేనని తేలింది.

తెలుగులో ఈ చిక్కు మరింత ముదురుతుంది. ఇంగ్లీషులో ‘నాట్’ విడిమాటగా నిలబడుతుంది, వెతికితే కంటికి దొరుకుతుంది. తెలుగులో అది క్రియ తోకలో కలిసిపోతుంది. ఆపండి, ఆపకండి. ఆగితే, ఆగకపోతే. వేసుకోవచ్చు, వేసుకోకూడదు. తేడా ఒకటి రెండు అక్షరాలే, అదీ వాక్యం చివర్లో, చదివే కన్ను అలసి ముందుకు దూకే చోట. పైగా మన భాషలో ‘వద్దు’కు రకాలున్నాయి. చేయకూడదు అంటే నిషేధం. చేయనవసరం లేదు అంటే మీ ఇష్టం. చేయలేదు అంటే జరగలేదు. చేయలేరు అంటే చేతకాదు. యంత్రం ‘కాదు’ను నిలబెట్టి కూడా ఒక రకం బదులు మరో రకం పెట్టవచ్చు.

మరి తెలుగు చదవలేని డాక్టరు తాను పంపుతున్న తెలుగు చీటీ సరైందో కాదో ఎలా తెలుసుకోవాలి? అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న తల్లి తన బాధను ఫోన్‌లో తెలుగులో చెప్పి ఇంగ్లీషులోకి మార్చి క్లినిక్‌కు పంపితే, ఆ ఇంగ్లీషులో ఏముందో ఆమె ఎలా చూసుకోవాలి? చేతిలో ఉన్న సులువైన దారి బ్యాక్ ట్రాన్స్‌లేషన్, అంటే తిరుగు అనువాదం. వచ్చిన అనువాదాన్ని మళ్లీ మూలభాషలోకి మార్చి, మొదటి వాక్యం పక్కన పెట్టి చూడడం.

ఇది యంత్రాలతో పుట్టిన పద్ధతి కాదు. ఒకే ప్రశ్నాపత్రాన్ని వేర్వేరు దేశాల్లో వాడే మనస్తత్వ శాస్త్రవేత్తలకు 50 ఏళ్ల కిందటే ఈ అవసరం వచ్చింది. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో దీనిపై రాసిన వ్యాసం ఇప్పటికీ ఆధారంగా నిలుస్తోంది. పసిఫిక్‌లోని గ్వామ్ విశ్వవిద్యాలయంలో పది భాషలకు చెందిన 94 మంది ద్విభాషీయుల చేత ఆయన వ్యాసాలను అనువాదం, తిరుగు అనువాదం చేయించి చూశారు. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ సంగతి తెలిసినవాళ్లకూ ఇది కొత్త కాదు. తెలుగులో రాసిన రోగి అంగీకార పత్రంతో పాటు, దాన్ని వెనక్కి మార్చిన ఇంగ్లీషు ప్రతిని కూడా ఎథిక్స్ కమిటీలు అడగడం మామూలే. అక్కడ వెనక్కి మార్చే మనిషికి మూలం చూపించరు. ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోవాలి, యంత్రం దగ్గర కూడా ఇదే కీలకం.

ఒక నమూనా చీటీ తీసుకుందాం. గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషి ఇంటికి వెళ్తున్నాడు. ఇంగ్లీషులో డాక్టరు నాలుగు మాటలు రాశాడు. కార్డియాలజిస్టు చెబితే తప్ప క్లోపిడోగ్రెల్ ఆపకండి. నడక మానుకోనవసరం లేదు. సూది గుచ్చిన చోట రక్తం 10 నిమిషాల్లో ఆగకపోతే ఫోన్ చేయండి. గాయం నుంచి చీము గానీ నీరు గానీ కారుతుంటే వచ్చి చూపించండి. వీటిలో మొదటిది ప్రాణం మీది మాట. క్లోపిడోగ్రెల్ రక్తం గడ్డకట్టకుండా చూసే మందు. కొత్త స్టెంట్ ఉన్న మనిషి దాన్ని మధ్యలో మానేస్తే స్టెంట్‌లోనే గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. యంత్రాలు సాధారణంగా చేసే పొరపాట్లను ఈ చీటీలో పెట్టి, తిరుగు అనువాదం ఏది పట్టుకుంటుందో, ఏది వదిలేస్తుందో చూద్దాం.

యంత్రానికి ఇవ్వకముందే చేయాల్సిన పని ఒకటుంది. మూలంలో ‘కాదు’ అర్థం ఎక్కడెక్కడ దాగుందో గుర్తు పెట్టుకోవాలి. ‘నాట్’, ‘నో’, ‘నెవర్’ ఒక్కటే కాదు. ‘అన్‌లెస్’, ‘అంటిల్’, ‘వితవుట్’, ‘ఎక్సెప్ట్’, ‘అవాయిడ్’, ‘స్టాప్’, ‘ఫెయిల్’ కూడా లోపల ‘కాదు’ను మోస్తాయి. మొదటి వాక్యంలో ‘నాట్’, ‘స్టాప్’, ‘అన్‌లెస్’ మూడూ ఒకేచోట గుమిగూడాయి. యంత్రం తడబడేది ఇలాంటి వాక్యం దగ్గరే. తర్వాత వాక్యానికో వరుస చొప్పున విడదీసి, అంకెలు వేసి అనువదించాలి. వచ్చిన తెలుగును వేరే యంత్రానికి ఇచ్చి ఇంగ్లీషులోకి మార్చాలి. అదే యంత్రమైతే పోతూ చేసిన పొరపాటును వస్తూ సర్దేసే అవకాశం ఉంది. చాట్ రూపంలో పనిచేసే ఏఐ టూల్ అయితే కొత్త చాట్ తెరవాలి. పాత చాట్‌లోనే వెనక్కి మార్చమంటే పైన కనిపిస్తున్న మూలమే దాదాపు ఉన్నదున్నట్టు తిరిగి రావచ్చు. మూలం చూసిన మనిషి చేత వెనక్కి మార్పించినట్టే అవుతుంది అది.

ఇక ఫలితం. మొదటి వాక్యం తెలుగులో ఇలా వచ్చిందనుకుందాం: ‘కార్డియాలజిస్టు చెప్పకపోతే క్లోపిడోగ్రెల్ ఆపండి.’ యంత్రం ‘అన్‌లెస్’ను ‘చెప్పకపోతే’గా మార్చింది. వాక్యంలో ఒక ‘కాదు’ కనిపిస్తోంది కాబట్టి రెండోదాన్ని వదిలేసింది. వెనక్కి మారిస్తే ఇంగ్లీషులో డాక్టరు చెప్పకుంటే మందు ఆపేయమని వస్తుంది. మూలంలో వ్యతిరేకాలు మూడు, తిరిగొచ్చినవి రెండే. తెలుగు అక్షరం ముక్క రాని డాక్టరు కూడా ఉలిక్కిపడతాడు. మూడో వాక్యం ‘రక్తం 10 నిమిషాల్లో ఆగితే ఫోన్ చేయండి’ అయిందనుకుంటే అదీ ఇలాగే దొరికిపోతుంది, ఎందుకంటే రక్తం ఆగినవాడు ఫోన్ చేయడమేమిటన్న ప్రశ్న చదివిన వెంటనే వస్తుంది.

రెండో వాక్యం దగ్గర మాత్రం ఓపిక కావాలి. ‘నడక మానుకోనవసరం లేదు’ కాస్తా ‘నడక మానుకోకూడదు’ అయింది. వెనక్కి వచ్చిన ఇంగ్లీషులోనూ ‘నాట్’ భద్రంగా ఉంది, ‘అవాయిడ్’ ఉంది, నడక ఉంది. వ్యతిరేకాలు లెక్కపెట్టేవాడు టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోతాడు. కానీ ‘నీడ్ నాట్’ పోయి ‘షుడ్ నాట్’ వచ్చింది. ఇష్టానికి వదిలిన మాట ఆజ్ఞగా మారింది. కాళ్లు లాగేస్తున్నా, ఆయాసం వస్తున్నా నడిచి తీరాలనుకునే పెద్దాయన ఉంటాడు కదా.

అందుకే మాటను మాటతో పోల్చకూడదు. ఒక్కో వాక్యాన్నీ కొన్ని ప్రశ్నలు అడగాలి. ఎవరు చేయాలి? చేయమంటోందా, వద్దంటోందా, చేసినా సరే అంటోందా? ఏ షరతు మీద, ఎప్పటిదాకా, ఎంత? మూలం చెప్పే జవాబూ, తిరిగొచ్చిన వాక్యం చెప్పే జవాబూ ఒకటే అయితే మాటలు ఎంత మారినా ఫరవాలేదు. ‘టాబ్లెట్’ పోయి ‘పిల్’ వచ్చినా నష్టం లేదు. జవాబు మారితే, మిగతా మాటలన్నీ అచ్చుగుద్దినట్టున్నా ఆ వాక్యం చెడిందని అనుమానించాల్సిందే.

అనుమానమే, తీర్పు కాదు. తప్పు పోయేటప్పుడు జరిగిందా, వచ్చేటప్పుడు జరిగిందా అన్నది తిరిగొచ్చిన ఇంగ్లీషు ఒక్కటే చూసి చెప్పలేం. తెలుగులో కర్త లేకుండా ‘రోజూ వేసుకోవాలి’ అంటాం. వెనక్కి మార్చే యంత్రం ఆ ఖాళీలో ‘అతను’ అనో ‘మీరు’ అనో ఏదో ఒకటి పెడుతుంది, చీటీలో అసలు తప్పే ఉండదు. ‘వాలి’ అన్న ఒక్క ప్రత్యయం మనకు గట్టి ఆజ్ఞకూ, మెత్తటి సలహాకూ రెండిటికీ చెల్లుతుంది, కాబట్టి ‘మస్ట్’ వెళ్లి ‘షుడ్’గా తిరిగి రావడం చాలాసార్లు ఉత్త అలజడే. అనుమానం వచ్చిన ఒక్క తెలుగు వాక్యాన్ని మూడో యంత్రానికి ఇచ్చి చూస్తే కొంత తేలుతుంది. తెలుగు వచ్చినవాళ్లు దగ్గరుంటే ఇంకా మేలు, వాళ్లు ఆ వాక్యంలో క్రియ తోక ఒక్కటి చదివితే చాలు. 40 వాక్యాల చీటీ మొత్తం చదివించడానికి మనిషి దొరకని చోట, అనుమానం వచ్చిన నాలుగింటిని చూపించడానికి మనిషి దొరుకుతాడు. తిరుగు అనువాదం చేసే అసలు సాయం ఇదే.

నాలుగో వాక్యానికి వద్దాం. గాయం నుంచి కారే చీమూ నీరూ ఇంగ్లీషు వైద్యభాషలో ‘డిశ్చార్జ్’. యంత్రం దాన్ని ‘గాయం నుంచి డిశ్చార్జి ఉంటే వచ్చి చూపించండి’ అని రాసింది. వెనక్కి మారిస్తే మూలంలో ఉన్న మాటే మచ్చలేకుండా తిరిగి వస్తుంది. కానీ తెలుగు ఇళ్లలో డిశ్చార్జి అంటే ఆస్పత్రి నుంచి ఇంటికి పంపడమే. రోగి ఆ వాక్యం చదివి ఏమనుకుంటాడో ఊహించడమే కష్టం. చీము కారుతున్నా ఆ వాక్యం తన గురించేనని అతనికి తట్టకపోవచ్చు. ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో దించేసిన ప్రతిచోటా ఈ పద్ధతికి చూపు ఉండదు. మాట ఎంత అనువాదం కాకుండా మిగిలితే, అంత పరిశుభ్రంగా వెనక్కి వస్తుంది.

బ్రిస్లిన్ ఈ మోసాన్ని 1970లోనే పసిగట్టారు. అనువాదం బాగాలేకపోయినా రెండు ప్రతులు కలిసిపోవడానికి ఆయన మూడు కారణాలు చెప్పారు. వెళ్లే అనువాదకుడికీ వచ్చే అనువాదకుడికీ ఒకే రకమైన పొరపాటు అలవాటు ఉండవచ్చు. వెనక్కి మార్చేవాడు తెలివైనవాడైతే, మధ్యలోని ప్రతి చెత్తగా ఉన్నా దాని ఉద్దేశం పట్టేసి చక్కటి వాక్యం రాసేయవచ్చు. మధ్య ప్రతి మూలభాష నడకనే పట్టుకుని వేలాడుతూ ఉండవచ్చు, అప్పుడు వెనక్కి మార్చడం తేలికే గానీ ఆ ఒక్క భాషే తెలిసిన మనిషికి అది పనికిరాదు. మనుషుల్ని చూసి ఆయన రాసిన ఈ మూడూ నేటి యంత్రాలకు ఇంకా బాగా అతుకుతాయి. ముఖ్యంగా రెండోది. గజిబిజి తెలుగు ఇచ్చినా నున్నటి ఇంగ్లీషు తీసి చూపించడం ఈ యంత్రాలకు వెన్నతో పెట్టిన విద్య.

మొదటి కారణానికి న్యాయస్థానం మంచి ఉదాహరణ ఇస్తుంది. సుప్రీంకోర్టు ఉత్తర్వుల్లో ‘లీవ్ గ్రాంటెడ్’ అని ఉంటే అప్పీలు విచారణకు అనుమతి ఇచ్చారని అర్థం. దాన్ని ఒక యంత్రం ‘సెలవు మంజూరైంది’ అంటే, రెండో యంత్రం దాన్ని తిరిగి ‘లీవ్ గ్రాంటెడ్’ అనే అంటుంది. అక్షరం తేడా రాదు. కక్షిదారుకు మాత్రం కోర్టుకు సెలవిచ్చారని తెలుస్తుంది.

తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లే దారిలో ఇంతకన్నా లోతైన గొయ్యి ఒకటుంది, అది మన వ్యాకరణంలోనే ఉంది. ‘పాప గట్టి పదార్థాలు తినలేదు’ అని తల్లి క్లినిక్‌కు రాసింది. పాపకు గొంతు నొప్పి, మింగుడుపడటం లేదు, తినే శక్తి లేదని ఆమె ఉద్దేశం. కానీ తెలుగులో స్త్రీ, నపుంసక ఏకవచనంలో ‘తినలేదు’ అన్న ఒకే రూపం రెండు పనులు చేస్తుంది. తినడం జరగలేదన్నా అదే, తినే శక్తి లేదన్నా అదే. యంత్రం మొదటి అర్థం తీసుకుని ‘డిడ్ నాట్ ఈట్’ అంది. తల్లి జాగ్రత్తపరురాలు, ఆ ఇంగ్లీషును మళ్లీ తెలుగులోకి మార్పించుకుంది. ‘పాప గట్టి పదార్థాలు తినలేదు’ అనే వచ్చింది. తాను రాసిందే తిరిగొచ్చిందని నిశ్చింతగా పంపేసింది. అక్కడి నర్సుకు ఇవాళ పాప తిండి మానేసిందన్న కబురు చేరింది, మింగలేకపోతోందన్న కబురు చేరలేదు. మగవాళ్ల విషయంలో ‘తినలేడు’, గౌరవంగా ‘తినలేరు’ అంటాం కాబట్టి ఈ చిక్కు రాదు. ఆడపిల్లలకూ, పసిబిడ్డలకూ, ‘నువ్వు’ అనే చనువులో ఉన్న అమ్మలకూ అమ్మమ్మలకూ వస్తుంది. ‘తినలేకపోతోంది’ అని మూలంలోనే రాస్తే రెండో అర్థానికి చోటుండదు.

ఇన్ని రంధ్రాలున్న జల్లెడ ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబుగా 2023లో వెలువడిన ఒక అధ్యయనాన్ని చూడాలి. చైనీస్ రాని అమెరికా డాక్టర్లకు, డిశ్చార్జి సూచనల చైనీస్ అనువాదాలు ఇచ్చి, ఏది రోగికి ఇవ్వదగిందో తేల్చమన్నారు. కొందరికి యంత్రమే తన అనువాదం నాణ్యతను అంచనా వేసి చెప్పే సూచిక ఇచ్చారు, కొందరికి తిరుగు అనువాదం చూపించారు. ఏ అనువాదాన్ని నమ్మాలో మొత్తం మీద తేల్చుకోవడానికి సూచిక సాయపడింది. రోగికి హాని చేసే తప్పుల్లో సూచికకు చిక్కనివి మాత్రం తిరుగు అనువాదం వల్ల బయటపడ్డాయి. ఆలోచిస్తే ఇది సహజమే. సూచిక ఒక మార్కు చెబుతుంది, తిరుగు అనువాదం ఒక వాక్యాన్ని చూపిస్తుంది. ‘మందు ఆపండి’ అన్న వాక్యం కళ్లెదుట ఉంటే అది ఎంత ప్రమాదమో డాక్టరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తప్పు దొరికాక ఏం చేయాలన్నదానిలోనూ ఒక మెలకువ ఉంది. తెలుగు రాని మనిషి తెలుగు వాక్యాన్ని దిద్దలేడు, మూలాన్ని దిద్దగలడు. బ్రిస్లిన్ అనువాదానికి అనువైన ఇంగ్లీషు ఎలా రాయాలో కూడా చెప్పారు: వాక్యం 16 పదాల లోపు ఉండాలి, సర్వనామం బదులు నామవాచకాన్నే మళ్లీ వాడాలి, జాతీయాలు మానాలి. మన చీటీలో మొదటి వాక్యాన్ని రెండుగా విరవవచ్చు. క్లోపిడోగ్రెల్ ప్రతి రోజూ వేసుకోండి. దాన్ని ఆపమని చెప్పాల్సింది కార్డియాలజిస్టు మాత్రమే. మూడు వ్యతిరేకాల్లో ‘స్టాప్’ ఒక్కటే మిగిలింది, జారిపోవడానికి ‘నాట్’ లేదు. ‘నడక మానుకోనవసరం లేదు’ బదులు ‘మీకు ఇష్టమైతే నడవవచ్చు’ అంటే చాలు. ‘డిశ్చార్జ్’ బదులు ‘పస్’ అనో ‘ఫ్లూయిడ్’ అనో రాయాలి. మార్చిన ప్రతి వాక్యాన్నీ మళ్లీ మొదటి నుంచి రెండు వైపులా తిప్పి చూడాలి. ఒక వాక్యం దిద్దితే పక్క వాక్యంలో ‘దాన్ని’ దేన్ని సూచిస్తోందో మారిపోవచ్చు.

రెండు ప్రతులూ కలిసిపోయాక కూడా డిశ్చార్జి లాంటివి మిగిలే ఉంటాయి. వాటిని పట్టేది ఇంగ్లీషు రాని మనిషే. చీటీ అతని చేతికిచ్చి ‘అర్థమైందా’ అని అడిగితే తల ఊపుతాడు, అందులో సమాచారమేమీ లేదు. ‘రేపటి నుంచి ఈ మాత్ర ఏం చేస్తారు? రక్తం ఆగకపోతే ఏం చేస్తారు? గాయం ఎలా ఉంటే మా దగ్గరికి వస్తారు?’ అని అడిగి, తన మాటల్లో చెప్పమనాలి. అతను చెప్పే జవాబులు మూలంలోని జవాబులతో కలవాలి. మూడో ప్రశ్నకు ‘నన్ను డిశ్చార్జి చేశారు కదండీ, మళ్లీ రావడమెందుకు?’ అని అతనంటే, రెండు యంత్రాలూ సరేనన్న ఆ వాక్యాన్ని చీటీలోంచి తీసి మళ్లీ రాయాలి.